ముగింపు లెక్కలు: పాత ప్రశ్నను మళ్లీ చేసే పద్ధతి

ఇంటర్మీడియట్ కామర్స్, బీకాం, సీఏ ఫౌండేషన్ పరీక్షల్లో సొంత వ్యాపారి ముగింపు లెక్కల ప్రశ్న దాదాపు ఒకే పోతలో ఉంటుంది. పైన అంకణా, అంటే ట్రయల్ బ్యాలెన్స్ ఇస్తారు. దాని కింద ఐదారు సర్దుబాట్లు ఉంటాయి. ఆ రెండింటి ఆధారంగా వర్తకపు ఖాతా, లాభనష్టాల ఖాతా, ఆస్తి అప్పుల పట్టీ తయారు చేయమంటారు. ఏటా వ్యాపారి పేరు మారుతుంది, అంకెలు మారతాయి. సర్దుబాట్లు మాత్రం ఒక చిన్న జాబితాలోంచే వస్తాయి: ముగింపు సరుకు, చెల్లించవలసిన ఖర్చులు, ముందుగా చెల్లించిన ఖర్చులు, తరుగుదల, రానిబాకీలు, సంశయాత్మక బాకీల ఏర్పాటు, మూలధనంపై వడ్డీ, సొంతానికి వాడుకున్న సరుకు.

జాబితా ఇంత చిన్నది కాబట్టే పాత ప్రశ్నపత్రాలు ఈ అధ్యాయానికి బాగా పనికొస్తాయి. పదేళ్ల ప్రశ్నలను వరసగా ఒక్కోసారి చేసి వదిలేసే విద్యార్థికి ప్రతి ప్రశ్నా కొత్తదిగానే కనిపిస్తుంది. అదే ఒక ప్రశ్నను పట్టుకుని మూడు విధాలుగా చేస్తే, ఏ సర్దుబాటు ఎక్కడికి వెళుతుందో, ఎందుకు వెళుతుందో తేటపడుతుంది. మొదటిసారి జవాబు మూసిపెట్టి చేయాలి. రెండోసారి తప్పు ఎక్కడ పుట్టిందో వెతుకుతూ చేయాలి. మూడోసారి ప్రశ్ననే కొంచెం మార్చి చేయాలి.

ముందు ఖాళీ నమూనా

అంకెలు ముట్టుకోకముందు మూడు పట్టికల నమూనాను తెల్లకాగితం మీద చూడకుండా రాయగలగాలి. శీర్షికలతోనే మొదలుపెట్టాలి. వర్తకపు, లాభనష్టాల ఖాతాకు ‘2024 మార్చి 31తో అంతమయ్యే సంవత్సరానికి’ అని రాస్తారు. ఆస్తి అప్పుల పట్టీకి ‘2024 మార్చి 31 నాటి’ అని రాస్తారు. ఈ తేడా అలంకారానికి పెట్టింది కాదు. మొదటి రెండూ ఏడాది పొడవునా జరిగిన వ్యాపారాన్ని చెబుతాయి. మూడోది ఒక్క రోజు సాయంత్రానికి వ్యాపారి దగ్గర ఏమున్నాయో, ఎవరికి ఎంత బాకీ ఉన్నాడో చెబుతుంది. జీతాలు ఖాతాలోకి, చెల్లించవలసిన జీతాలు పట్టీలోకి వెళ్లడానికి కారణం ఇదే.

వర్తకపు ఖాతాలో డెబిట్ వైపు ప్రారంభపు సరుకు, కొనుగోళ్లు, సరుకు మీద నేరుగా పడే వేతనాలు, రవాణా వంటివి వస్తాయి. క్రెడిట్ వైపు అమ్మకాలు, ముగింపు సరుకు ఉంటాయి. తేడా స్థూల లాభం. అది లాభనష్టాల ఖాతా క్రెడిట్ వైపుకు దిగుతుంది. దాని ఎదురుగా డెబిట్ వైపు జీతాలు, అద్దె, బీమా, తరుగుదల, రానిబాకీలు నిలుస్తాయి. అక్కడ మిగిలిన నికర లాభం ఆస్తి అప్పుల పట్టీలో మూలధనానికి కలుస్తుంది. అంకెలు లేకుండా ఈ దారిని గీయడం చేతకాని విద్యార్థి, పరీక్షలో ప్రతి అంశం దగ్గరా ఆగి ‘ఇది ఎటు?’ అని ఆలోచిస్తూ సమయం పోగొట్టుకుంటాడు.

ఒక ప్రశ్న, దాని అంకణా

పాత ప్రశ్నల పోతలోనే ఒక చిన్న ప్రశ్నను తీసుకుని చూద్దాం. ఒక వ్యాపారి 2024 మార్చి 31 నాటి అంకణా ఇది.

| అంశం | డెబిట్ (రూ.) | క్రెడిట్ (రూ.) |
|---|---|---|
| ప్రారంభపు సరుకు | 40,000 | |
| కొనుగోళ్లు, అమ్మకాలు | 2,10,000 | 3,20,000 |
| వేతనాలు | 18,000 | |
| జీతాలు | 33,000 | |
| బీమా | 6,000 | |
| రానిబాకీలు | 1,000 | |
| సంశయాత్మక బాకీల ఏర్పాటు | | 2,000 |
| రుణగ్రస్తులు, రుణదాతలు | 61,000 | 37,000 |
| ఫర్నిచర్ | 50,000 | |
| సొంతవాడకాలు, మూలధనం | 14,000 | 1,01,000 |
| నగదు, బ్యాంకు నిల్వ | 27,000 | |
| మొత్తం | 4,60,000 | 4,60,000 |

సర్దుబాట్లు ఐదు. ముగింపు సరుకు రూ. 45,000. మార్చి నెల జీతాలు రూ. 3,000 ఇంకా చెల్లించాలి. బీమా ప్రీమియం 2023 అక్టోబర్ 1 నుంచి ఏడాదికి కట్టినది. ఫర్నిచర్‌పై తరుగుదల 10 శాతం. రుణగ్రస్తుల్లో మరో రూ. 1,000 రానిబాకీగా కొట్టివేసి, మిగిలినవారిపై 5 శాతం సంశయాత్మక బాకీల ఏర్పాటు చేయాలి.

ప్రతి సర్దుబాటుకూ రెండు చోట్లు

అంకణాలో ఉన్న అంశం అప్పటికే పుస్తకాల్లో జంట పద్దుగా నమోదైంది, అందుకే అంకణా రెండు వైపులా సరిపోయింది. కాబట్టి దానికి ముగింపు లెక్కల్లో ఒక్క చోటే స్థానం. అంకణా కింద ఇచ్చిన సర్దుబాటు ఇంకా పుస్తకాల్లోకి ఎక్కలేదు. దాని డెబిట్‌నూ, క్రెడిట్‌నూ రెండింటినీ విద్యార్థే చూపాలి. ‘సర్దుబాటుకు రెండు చోట్లు’ అని తరగతిలో చెప్పే సూత్రానికి మూలం ఇదే.

ముగింపు సరుకు వర్తకపు ఖాతా క్రెడిట్ వైపు ఒకసారి, పట్టీలో ఆస్తుల వైపు ఒకసారి వస్తుంది. చెల్లించవలసిన జీతాలు రూ. 3,000ను జీతాలకు కలిపితే ఏడాది ఖర్చు రూ. 36,000 అవుతుంది. అదే మొత్తాన్ని అప్పుల వైపు చూపాలి. ఇక్కడ ఒక చిన్న పరీక్ష ఉంది. పదకొండు నెలలకు 33,000 ఇస్తే నెలకు 3,000. పన్నెండు నెలలకు 36,000 రావాలి. వచ్చింది.

బీమా దగ్గర ప్రశ్న మొత్తాన్ని నేరుగా చెప్పలేదు, తేదీ మాత్రమే ఇచ్చింది. అక్టోబర్ 1 నుంచి మార్చి 31 వరకు ఆరు నెలలు ఈ ఏడాదివి, మిగతా ఆరు నెలలు వచ్చే ఏడాదివి. ఖర్చు రూ. 3,000, ముందుగా చెల్లించినది రూ. 3,000. తేదీ కనిపించగానే నెలలు లెక్కపెట్టడం అలవాటు కావాలి. ఆ అలవాటు లేని విద్యార్థి 6,000 మొత్తాన్నీ ఖర్చుగా రాసి ముందుకు వెళ్లిపోతాడు.

ఎక్కువమందిని తికమక పెట్టేది రానిబాకీల సర్దుబాటు. అంకణాలో ఉన్న రూ. 1,000 రానిబాకీ ఇప్పటికే రుణగ్రస్తుల ఖాతాలోంచి తీసేసినది. దాన్ని 61,000లోంచి మళ్లీ తీయకూడదు. సర్దుబాటులో చెప్పిన కొత్త 1,000ను మాత్రమే తీయాలి. మిగిలిన రూ. 60,000పై 5 శాతం అంటే రూ. 3,000 కొత్త ఏర్పాటు. పోయిన ఏడాది ఏర్పాటు రూ. 2,000 అంకణాలో క్రెడిట్‌గా ఉంది, దాన్ని ఇప్పుడు వాడుకోవాలి. లాభనష్టాల ఖాతాకు పడే భారం ఇలా వస్తుంది: పాత రానిబాకీ 1,000, కొత్త రానిబాకీ 1,000, కొత్త ఏర్పాటు 3,000, మొత్తం 5,000, అందులోంచి పాత ఏర్పాటు 2,000 పోను రూ. 3,000. పట్టీలో రుణగ్రస్తులు 60,000లోంచి 3,000 తీసి రూ. 57,000గా చూపాలి. ఈ మెట్లను జవాబు పక్కన వర్కింగ్ నోట్స్‌గా రాయాలి. ఆఖరి అంకెలో పొరపాటు దొర్లినా, సరిగ్గా వేసిన మెట్లు దిద్దేవారికి కనిపిస్తాయి.

ఇక మిగిలింది కూడికలే. వర్తకపు ఖాతా క్రెడిట్ వైపు 3,65,000, డెబిట్ వైపు 2,68,000. స్థూల లాభం రూ. 97,000. లాభనష్టాల ఖాతాలో జీతాలు 36,000, బీమా 3,000, తరుగుదల 5,000, రానిబాకీల భారం 3,000, కలిపి 47,000. నికర లాభం రూ. 50,000. పట్టీ ఇలా ముగుస్తుంది.

| అప్పులు | రూ. | ఆస్తులు | రూ. |
|---|---|---|---|
| మూలధనం (1,01,000 + 50,000 − 14,000) | 1,37,000 | నగదు, బ్యాంకు నిల్వ | 27,000 |
| రుణదాతలు | 37,000 | రుణగ్రస్తులు | 57,000 |
| చెల్లించవలసిన జీతాలు | 3,000 | ముగింపు సరుకు | 45,000 |
| | | ముందుగా చెల్లించిన బీమా | 3,000 |
| | | ఫర్నిచర్ | 45,000 |
| మొత్తం | 1,77,000 | మొత్తం | 1,77,000 |

పట్టీ సరిపోకపోతే

రెండు వైపులా మొత్తం సరిపోనప్పుడు చాలామంది జవాబు కొట్టేసి మొదటి నుంచి మొదలుపెడతారు. అంతకన్నా ముందు తేడా ఎంతో చూడాలి, ఎందుకంటే తేడాయే తప్పు జాడ చెబుతుంది. తేడా సరిగ్గా ఒక సర్దుబాటు మొత్తమైతే, ఆ సర్దుబాటు ఒక్క చోటే పడి ఉండవచ్చు. ఉదాహరణకు, బీమాను ఖాతాలో తగ్గించి ఆస్తుల్లో చూపడం మరిచిపోతే 3,000 తేడా వస్తుంది. తేడాను సగం చేస్తే ఒక సర్దుబాటు మొత్తం వచ్చిందనుకుంటే, అది తప్పు వైపు పడి ఉంటుంది. చెల్లించవలసిన జీతాలను ఆస్తుల వైపు రాస్తే అప్పులు 1,74,000, ఆస్తులు 1,80,000 అవుతాయి. తేడా 6,000, అందులో సగం 3,000. పాత ఏర్పాటును మరిచిపోతే సరిగ్గా 2,000 తేడా వస్తుంది. అంకణాలోని రానిబాకీని రుణగ్రస్తుల్లోంచి రెండోసారి తీసేస్తే 1,000 తేడా వస్తుంది.

ఈ ప్రశ్నలో 3,000 అనే అంకె జీతాల్లో, బీమాలో, కొత్త ఏర్పాటులో మూడు చోట్లా ఉంది. అలాంటప్పుడు తేడా ఒక్కదాన్నే నమ్ముకోకుండా మూడింటినీ వరసగా తడిమి చూడాలి.

సరిపోయినా తప్పు ఉండవచ్చు

పట్టీ సరిపోవడం జవాబు సరైనదని చెప్పే రుజువు కాదు. పాత ప్రశ్నలను జవాబుతో పోల్చుకుంటూ చేసినప్పుడే ఈ సంగతి బయటపడుతుంది. బీమాలో తేదీని పట్టించుకోకుండా 6,000 మొత్తం ఖర్చు రాసినవారి నికర లాభం 47,000 అవుతుంది, ఆస్తుల్లో ముందుగా చెల్లించిన బీమా ఉండదు. రెండు వైపులా 3,000 తగ్గి, పట్టీ 1,74,000 దగ్గర నిక్షేపంగా సరిపోతుంది. కొత్త ఏర్పాటును 60,000 బదులు 61,000పై వేస్తే 3,050 వస్తుంది. లాభమూ రుణగ్రస్తులూ చెరో 50 తగ్గి పట్టీ మళ్లీ సరిపోతుంది. వేతనాలను వర్తకపు ఖాతాలో కాక లాభనష్టాల ఖాతాలో వేస్తే నికర లాభం కూడా మారదు. స్థూల లాభం మాత్రం 97,000 బదులు 1,15,000గా తప్పుతుంది.

అందుకే జవాబు పోల్చేటప్పుడు చివరి మొత్తం ఒక్కటే చూడకూడదు. నాలుగు అంకెలను విడివిడిగా పోల్చాలి: స్థూల లాభం, నికర లాభం, సర్దిన మూలధనం, పట్టీ మొత్తం. స్థూల లాభం దగ్గరే తేడా ఉంటే తప్పు వర్తకపు ఖాతాలో ఉంది. అది సరిపోయి నికర లాభం తప్పితే లాభనష్టాల ఖాతాలో వెతకాలి. ఆ రెండూ సరిపోయి మూలధనం తప్పితే సొంతవాడకాల దగ్గర చూడాలి.

ప్రశ్నను మార్చి చేయడం

మూడో దఫాలో అవే అంకెలు ఉంచి, ఒక అంశం చోటు మాత్రమే మార్చాలి. పరీక్షలో ప్రశ్న మారేదీ ఇలాగే. మొదటి మార్పుగా చెల్లించవలసిన జీతాలను సర్దుబాట్లలోంచి తీసి అంకణాలో పెట్టాలి. అప్పుడు జీతాలు డెబిట్ వైపు 36,000గా, చెల్లించవలసిన జీతాలు క్రెడిట్ వైపు 3,000గా ఉంటాయి. అంకణా మొత్తం 4,63,000 అవుతుంది. ఇప్పుడు ఆ 3,000ను అప్పుల వైపు ఒక్క చోటే చూపాలి. నికర లాభం మళ్లీ 50,000 రావాలి. జీతాలకు మరో 3,000 కలిపినవారికి 47,000 వస్తుంది, పట్టీ సరిపోదు.

రెండో మార్పు సరుకులో. కొన్ని ప్రశ్నల్లో ప్రారంభపు సరుకు కనిపించదు. ‘సర్దుబాటు చేసిన కొనుగోళ్లు’, ముగింపు సరుకు రెండూ అంకణాలోనే ఉంటాయి. ఈ లెక్కలో కొనుగోళ్లు 2,10,000కు ప్రారంభపు సరుకు 40,000 కలిపి, ముగింపు సరుకు 45,000 తీస్తే సర్దుబాటు చేసిన కొనుగోళ్లు 2,05,000. ముగింపు సరుకు అప్పటికే కొనుగోళ్లలోంచి పోయింది కాబట్టి వర్తకపు ఖాతాలో మళ్లీ రాయకూడదు, ఆస్తుల్లో మాత్రమే చూపాలి. వేతనాలతో కలిపి డెబిట్ వైపు 2,23,000, అమ్మకాలు 3,20,000. స్థూల లాభం అదే 97,000.

మూడో మార్పు తరుగుదలలో. 50,000 ఫర్నిచర్‌లో రూ. 10,000 విలువైనది 2023 అక్టోబర్ 1న కొన్నారని ఒక వాక్యం చేర్చాలి. పాత 40,000పై ఏడాదికి 4,000, కొత్త 10,000పై ఆరు నెలలకు 500, మొత్తం 4,500. నికర లాభం 50,500కు పెరుగుతుంది.

నాలుగో మార్పు సొంతానికి వాడుకున్న సరుకు. వ్యాపారి రూ. 5,000 విలువైన సరుకు ఇంటికి వాడుకున్నాడనీ, అది పుస్తకాల్లోకి ఎక్కలేదనీ చేర్చాలి. కొనుగోళ్లు 2,05,000కు తగ్గుతాయి, స్థూల లాభం 1,02,000, నికర లాభం 55,000 అవుతాయి. సొంతవాడకాలు 14,000 నుంచి 19,000కు పెరుగుతాయి. మూలధనం 1,01,000కు 55,000 కలిపి 19,000 తీస్తే మళ్లీ 1,37,000. పట్టీలో ఒక్క మొత్తమూ కదల్లేదు. ఈ సర్దుబాటును పూర్తిగా మరిచిపోయినా పట్టీ సరిపోతుందన్నమాట. లాభం తప్పిందన్న సంగతి లాభాన్ని పోల్చితేనే తెలుస్తుంది. మూలధనంపై వడ్డీ సర్దుబాటు తీరు కూడా ఇదే: లాభంలో తగ్గుతుంది, మూలధనానికి కలుస్తుంది, పట్టీ మొత్తం మారదు.

తప్పుల పుస్తకం, గడియారం

చేసిన ప్రతి ప్రశ్నకూ తప్పుల పుస్తకంలో ఒక వరస చాలు: ఏ ఏడాది ప్రశ్న, ఏ సర్దుబాటు, ఏం జరిగింది. ‘కూడిక తప్పు’, ‘తేదీ చూడలేదు’, ‘ఒక్క చోటే రాశాను’, ‘అంకణాలో ఉన్నదాన్ని రెండు చోట్ల రాశాను’ అని కారణాన్ని విడదీసి రాయాలి. ఐదారు ప్రశ్నలు పూర్తయ్యేసరికి ఎవరికి వారికి తమ బలహీనత ఏ వరసలో పదేపదే కనిపిస్తుందో తెలుస్తుంది. అక్కడి నుంచి పాత ప్రశ్నలను సంవత్సరాల వరసలో కాకుండా సర్దుబాటు వరసలో చేయాలి. రానిబాకీల దగ్గర తడబడేవారు నాలుగు పాత పత్రాల్లోంచి ఆ సర్దుబాటును మాత్రమే ఏరి, వర్కింగ్ నోట్స్ వరకు చేస్తే ఒక పూటలో తేలిపోతుంది. వారం తర్వాత ఒక పూర్తి ప్రశ్న చేసి చూసుకోవాలి. వెంటనే మళ్లీ చేస్తే అంకెలు గుర్తుండి చేసినట్టు అవుతుంది, పద్ధతి వచ్చిందో లేదో తేలదు.

గడియారం పెట్టుకోవలసింది తప్పులు తగ్గాకే. సీఏ ఫౌండేషన్ అకౌంటింగ్ పత్రం మూడు గంటలకు 100 మార్కులు, అంటే మార్కుకు 1.8 నిమిషాలు. 20 మార్కుల ప్రశ్నకు 36 నిమిషాలు వస్తాయి. అందులో మొదటి రెండు మూడు నిమిషాలు అంకణాలో ప్రతి అంశం పక్కన అది చేరే పట్టిక పేరును పొట్టి గుర్తుతో పెట్టడానికీ, సర్దుబాట్ల పక్కన రెండేసి గడులు గీయడానికీ కేటాయించాలి. ఒక చోట రాయగానే ఒక గడికి టిక్కు పెట్టాలి. చివర్లో ఖాళీగా మిగిలిన గడే మరిచిపోయిన పద్దు.

పాత ప్రశ్న ఎంతవరకు చెల్లుతుంది

సొంత వ్యాపారి లెక్కల్లో పాత ప్రశ్న ఎంత పాతదైనా పెద్దగా ఇబ్బంది లేదు. కంపెనీ లెక్కల్లో అలా కాదు. అక్కడ పట్టీ రూపాన్ని చట్టమే నిర్ణయిస్తుంది. 1956 చట్టంలోని ఆరో షెడ్యూల్‌ను సవరించి 2011 ఏప్రిల్ 1 నుంచి నిలువు నమూనాను తెచ్చారు. 2013 కంపెనీల చట్టం మూడో షెడ్యూల్ అదే రూపాన్ని కొనసాగించింది. ఆ మార్పుకు ముందరి ప్రశ్నలకు అచ్చైన జవాబుల్లో ఎడమ కుడి వైపుల పాత నమూనా కనిపిస్తుంది. ఆ ప్రశ్నల్లోని సర్దుబాట్లు ఇప్పటికీ పనికొస్తాయి, జవాబు నమూనా మాత్రం పనికిరాదు. అలాగే 2017 జులై 1న జీఎస్టీ రాకముందరి ప్రశ్నల్లో అమ్మకపు పన్ను, వ్యాట్ కనిపిస్తాయి. అలాంటి ప్రశ్నను వదిలేయకుండా, ఇప్పటి సిలబస్ పక్కన పెట్టుకుని, పన్ను అంశాన్ని నేటి పద్ధతికి మార్చి చేసుకోవాలి. భారత చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ తన పాత ప్రశ్నపత్రాలతోపాటు సూచించిన జవాబులను కూడా ప్రచురిస్తుంది. వాటిలో వర్కింగ్ నోట్స్ ఎలా రాశారో చూడటం ఆఖరి అంకె చూడటం కన్నా ముఖ్యం.

ఒక పాత ప్రశ్న పూర్తయిందని చెప్పుకోవడానికి కొలత ఒకటే: అందులోని ఏ సర్దుబాటునైనా అంకణాలోకి మార్చినా, తేదీ మార్చినా, తీసేసినా, స్థూల లాభం, నికర లాభం, మూలధనం, పట్టీ మొత్తం ఎంతెంత మారతాయో కలం కదపకముందే చెప్పగలగాలి. అంతవరకు ఆ ప్రశ్నను పక్కన పెట్టకూడదు.